కరువు ఫొటోలో కనిపించనిది: హూపర్ తీసిన చిత్రాలను సాక్ష్యంగా చదవడం

ఎముకల మీద చర్మం తప్ప ఇంకేమీ మిగలని మనుషులు, కొందరు కింద కూర్చుని, కొందరు వెనక నిలబడి, కెమెరా వైపు చూస్తున్న పాత ఫొటో ఒకటి ఏటా వాట్సాప్‌లో తిరుగుతుంది. కింద ‘1943 బెంగాల్ కరువు, చర్చిల్ చేసిన పాపం’ అని రాసి ఉంటుంది. బెంగాల్ కరువు నిజమే, అందులో బ్రిటిష్ ప్రభుత్వ బాధ్యతా నిజమే. ఆ ఫొటో మాత్రం బెంగాల్‌ది కాదు, 1943 నాటిదీ కాదు. అంతకు అరవై ఐదేళ్లకు పైగా ముందు, 1876-78 మద్రాసు ప్రెసిడెన్సీ కరువులో, విలోబీ వాలెస్ హూపర్ అనే సైనికాధికారి తీసిన ఫొటోల్లో అదొకటి. రాయలసీమ వాళ్లు ధాత నామ సంవత్సరం పేరు పెట్టి ధాత కరువు అని చెప్పుకున్నది ఆ కరువునే.

తేడా కనిపెట్టడానికి చరిత్రకారుడే కానక్కర్లేదు. 1943 బెంగాల్ ఫొటోలు చేతిలో పట్టుకుని తిరిగే చిన్న కెమెరాలతో తీసినవి. ఫొటోగ్రాఫర్ సునీల్ జానా తీసిన వాటిలో మనుషులు నడుస్తుంటారు, పక్కకు తిరిగి ఉంటారు, రోడ్డు పక్కన పడి ఉంటారు. ఫ్రేము అంచులో ఎవరిదో కాలు, ఎవరిదో చెయ్యి తెగిపోయి కనిపిస్తుంది. హూపర్ ఫొటోల్లో అలాంటి తొందర ఉండదు. పొట్టివాళ్లు ముందు, పొడుగువాళ్లు వెనక, అందరూ ఫ్రేములో సరిపోయేలా, పెళ్లి గ్రూప్ ఫొటోలా ఉంటుంది. ఆ అమరికను చూసి ఇది ఏ కాలపు కెమెరా అని అడిగితే చాలు, తేదీ తప్పని అర్థమైపోతుంది. అయితే తేదీ సరిచేసినంత మాత్రాన పని అయిపోదు. సరైన తేదీ వేసుకున్నా, ఆ ఫొటోను ‘కరువు ఇలా ఉండేది’ అని చూపించే కిటికీలా వాడుకుంటే మళ్లీ పొరపాటే.

ముందు తీసినవాడెవరో చూడాలి. హూపర్ 1858లో మద్రాసు అశ్విక దళంలో చేరాడు. ఫొటోగ్రఫీ అతనికి జీతం ఇచ్చే ఉద్యోగం కాదు, కానీ ఉత్త సరదా కూడా కాదు. 1860ల మొదట్లో మధ్య పరగణాల్లోని తెగలవారిని ఫొటోలు తీసే పని ప్రభుత్వమే అతనికి అప్పగించింది. అతని ఫొటోలు కొన్ని ‘ది పీపుల్ ఆఫ్ ఇండియా’ సంపుటాల్లోకి వెళ్లాయి. 1868 నుంచి 1875 వరకు ఎనిమిది సంపుటాలుగా వచ్చిన ఆ పుస్తకం, 1857 తిరుగుబాటు తర్వాత దేశంలో ఎవరెవరు ఉన్నారో కులాల వారీగా, తెగల వారీగా ‘తెలుసుకోవాలి’ అనుకున్న ప్రభుత్వం వేయించినది. అందులో మనిషికి పేరు ఉండకపోయినా ఫర్వాలేదు, జాతి పేరు ఉంటే చాలు. వెనక సాదా గోడో గుడ్డో ఉంటుంది. నిలబెట్టి, కూర్చోబెట్టి, ఒంటి తీరు స్పష్టంగా కనిపించేలా తీస్తారు. 1870లలో హూపర్, జార్జ్ వెస్టర్న్ అనే పశువైద్యుడితో కలిసి పులివేట ఘట్టాలను కూడా వరుస ఫొటోలుగా తీశాడు. అవి వేట జరుగుతుండగా తీసినవి కావు, తీరిగ్గా అమర్చి తీసినవి.

కరువు ఫొటోలు తీసేనాటికి అతని చెయ్యికి ఈ రెండు అలవాట్లూ ఉన్నాయి. మనిషిని ఒక ‘రకానికి’ నమూనాగా నిలబెట్టడం మొదటిది, దృశ్యాన్ని ముందే అమర్చుకోవడం రెండోది. కరువు బాధితుల గ్రూప్ ఫొటోను ‘పీపుల్ ఆఫ్ ఇండియా’లోని ఒక పేజీ పక్కన పెడితే చట్రం ఒకటేనని తెలుస్తుంది. అక్కడ తెగ పేరు ఉన్న చోట ఇక్కడ ఆకలి వచ్చి కూర్చుంది. వీళ్లు ఏ ఊరి వాళ్లు, ఏం పంట వేసేవాళ్లు, ఎన్ని రోజులు నడిచి ఇక్కడికి వచ్చారు, గ్రూపులో ఎవరు ఎవరికి ఏమవుతారు అన్నవి ఎవరూ రాసిపెట్టలేదు. కుటుంబంలా కూర్చోబెట్టారు కాబట్టి మనం కుటుంబం అనుకుంటాం. అది నిజం కావచ్చు, ఫొటో కోసం ఏరి తెచ్చినవాళ్లూ కావచ్చు. ఫొటో ఒక్కదాన్నే చూసి తేల్చలేం.

ఈ మనిషి గురించి తెలిసిన ఇంకో సంగతి కూడా చెప్పాలి, కానీ జాగ్రత్తగా. 1886లో, బ్రిటిష్ వాళ్లు బర్మా రాజధాని మాండలేను పట్టుకున్న కొద్ది నెలలకే, అక్కడ సైనిక పోలీసు బాధ్యతలు చూస్తున్న హూపర్ బర్మా ఖైదీలను కాల్చి చంపే క్షణాన్ని ఫొటో తీసేందుకు కెమెరా పెట్టాడని లండన్ ‘టైమ్స్’ విలేఖరి వార్త పంపాడు. పెద్ద గొడవైంది, పార్లమెంటులో ప్రశ్నలు వచ్చాయి, విచారణ జరిగింది, హూపర్ మందలింపు తిన్నాడు. దీన్ని పట్టుకుని ‘చూశారా, కరువు ఫొటోలు కూడా రాక్షసానందంతోనే తీశాడు’ అనడం తేలిక. కానీ పదేళ్ల తర్వాత చేసిన పని, అంతకు ముందు తీసిన ఫొటో వెనకున్న ఉద్దేశానికి రుజువు కాదు. దాని నుంచి తీసుకోగలిగింది ఒక్కటే: కెమెరా ముందున్నవాళ్లకు కాదనే హక్కు లేని చోట కెమెరా పెట్టడం ఇతనికి అసాధారణమైన పనేమీ కాదు.

ఇక ఎలా తీశాడన్నది. ముందే తయారుచేసి దాచుకోగలిగే డ్రై ప్లేట్లు ఇంకా బజారులోకి సరిగ్గా రాని రోజులవి. గాజు పలక మీద కొలోడియన్ అనే జిగురు ద్రవం పోసి, వెండి లవణం ద్రావణంలో ముంచి, తడి ఆరకముందే కెమెరాలో పెట్టి ఫొటో తీసి, వెంటనే చీకటి గుడారంలోకి పట్టుకెళ్లి డెవలప్ చేయాలి. పది పదిహేను నిమిషాల్లో అంతా అయిపోవాలి. మద్రాసు ఎండలో ఇంకా తొందరగా అవ్వాలి, లేకపోతే పలక ఎండిపోయి పాడవుతుంది. దీనికి పెట్టెల కొద్దీ రసాయనాలు, ఒక గుడారం, మోసేవాళ్లు, సాయం చేసేవాళ్లు, కడగడానికి శుభ్రమైన నీళ్లు కావాలి. చెరువులు ఎండిపోయిన ఏడాదిలో తీసిన ఫొటో వెనక ఆ నీళ్లూ ఆ కూలీలూ ఉన్నారు. ఫ్రేములో మాత్రం వాళ్లెవరూ లేరు.

పలక మీద వెలుతురు పడటానికి కొన్ని సెకన్లు పట్టేది. అంతసేపు కదలకూడదు. కాళ్ల మీద నిలబడలేని మనిషిని నిలబెట్టి, కదలొద్దని చెప్పి తీసిన ఫొటో అని గుర్తుపెట్టుకుని చూస్తే, ఆ ముఖాల్లో మనకు కనిపించే ‘నిర్లిప్తత’ ఎంతవరకు ఆకలి వల్ల వచ్చింది, ఎంతవరకు కెమెరా ఆజ్ఞ వల్ల వచ్చింది అన్న అనుమానం రావాలి. చాలామంది ఆ చూపుల మీద కవిత్వం రాసేస్తారు. ఏ పసిబిడ్డ చెయ్యో మసకబారితే, అక్కడ మాత్రం ఎవరూ అమర్చని కదలిక ఒకటి పలక మీద పడిందని అర్థం.

రంగు సంగతి కూడా ఉంది. కొలోడియన్ పలక నీలం వెలుతురును బాగా పట్టుకుంటుంది, ఎరుపు, పసుపు రంగులను దాదాపు పట్టుకోదు. అందుకే ఆ కాలపు ఫొటోల్లో ఆకాశం తెల్లకాగితంలా ఉంటుంది, చామనచాయ మనిషి నల్లగా వస్తాడు. తెల్లటి నేపథ్యం ముందు ఒంటి రంగు ఇంకా ముదిరి కనిపిస్తుంది. కాబట్టి ఈ ఫొటోలు చూసి ఎవరి రంగు గురించీ ఏమీ చెప్పకూడదు. పక్కటెముకలు, పొడుచుకొచ్చిన మోకాళ్లు మాత్రం రసాయనం కల్పించినవి కావు. అవి నిజం. ఉబ్బిన పాదాలు, పొట్ట కనిపిస్తే అది తీవ్రమైన పోషకాహార లోపానికి గుర్తని ఈనాటి డాక్టరు కూడా చెబుతాడు. ఈ ఫొటోలు అన్నిటికన్నా గట్టిగా ఇచ్చే సాక్ష్యం ఇదే, ఇందులో రాజీ అక్కర్లేదు.

ఇప్పుడు శీర్షికలు. ఈ వరుసలో ఒక ఫొటోకు ‘ఉచిత సహాయానికి అర్హులైనవారు’ అనే అర్థం వచ్చే పేరు ఉంది. వినడానికి జాలి మాటలా ఉంటుంది. నిజానికి అది ఆఫీసు మాట. ఆ కరువులో సర్కారు సహాయం రెండు దారుల్లో వచ్చేది. ఒంట్లో శక్తి ఉన్నవాడు రాళ్లు కొట్టాలి, మట్టి మోయాలి, కాలువ తవ్వాలి, అప్పుడు కూలి. పని చేయలేనివాడని తేలితేనే శిబిరంలో ఉచితంగా గంజి. ఆ తేల్చే పనిలో ఊళ్లో కరణం, మునసబు మొదలు పైఅధికారి దాకా చేతులు ఉండేవి. అంటే ఫొటోలో కనిపిస్తున్నవాళ్లు కరువులో చిక్కుకున్నవాళ్లందరికీ నమూనా కాదు. జల్లెడ పట్టాక మిగిలినవాళ్లు. ఎంత బక్కచిక్కితే ‘అర్హత’ వస్తుందో ఆ ఫొటో చెబుతోంది, తీసినవాడు అది చెప్పాలనుకున్నా అనుకోకపోయినా.

జల్లెడ కన్నం అంత చిన్నగా ఎందుకుందో తెలియాలంటే కూలి లెక్క చూడాలి. వైస్రాయ్ లిట్టన్ 1877 జనవరి 1న ఢిల్లీలో విక్టోరియాను చక్రవర్తినిగా ప్రకటించే దర్బారు జరిపాడు, అదే నెలలో సర్ రిచర్డ్ టెంపుల్ అనే అధికారిని కరువు వ్యవహారాలు చూడమని మద్రాసు మీదికి పంపాడు. అంతకు మూడేళ్ల ముందు బీహార్ కరువులో ఇదే టెంపుల్ బర్మా నుంచి బియ్యం తెప్పించి చావులను చాలావరకు ఆపాడు, ‘ఇంత ఖర్చా’ అని తిట్లు తిన్నాడు. ఈసారి ఆ పేరు మళ్లీ రాకుండా చూసుకున్నాడు. పనిలో ఉన్న మగవాడికి రోజుకు ఇచ్చే ధాన్యాన్ని పౌనున్నర నుంచి ఒక పౌనుకు, అంటే సుమారు 450 గ్రాములకు తగ్గించి, పైన కాస్త చిల్లర పెట్టాడు. ఎండలో రోజంతా మట్టి మోసే మనిషికి ఇది చాలదని మద్రాసు శానిటరీ కమిషనర్ డాక్టర్ కోర్నిష్ గట్టిగా వాదించాడు. కొన్ని నెలల తర్వాత కూలి మళ్లీ పెంచారు. ఈలోగా పనిస్థలాల్లో చిక్కిపోయినవాళ్లే శిబిరాలకు చేరారు.

ఈ సంగతి తెలిశాక అదే ఫొటో వేరేగా కనిపిస్తుంది. ‘వాన కురవలేదు, మనుషులు ఇలా అయ్యారు’ అని కాకుండా, వానకూ ఈ శరీరానికీ మధ్య ధరలున్నాయి, ఒక పౌను లెక్క ఉంది, జాబితాలున్నాయి. అవేవీ ఫ్రేములోకి రావు. జొన్నల ధర ఫొటోలో పడదు. ఎడ్లను ఎప్పుడు అమ్మేశారు, ఇంటి దూలాలు ఎవరు కొన్నారు అన్నదీ పడదు. ‘మందలో ఆఖరిది’, ‘దిక్కులేనివారు’ అన్నట్టుండే మిగతా శీర్షికలు అప్పటి లండన్ ఇళ్లలో గోడలకు వేలాడిన జాలి బొమ్మల పేర్లలా ఉంటాయి. అవి చూసేవాడి కళ్లు చెమ్మగిల్లేలా చేస్తాయి, ‘ఎందుకిలా?’ అని మాత్రం అడగనివ్వవు.

ఎవరి కోసం అన్న ప్రశ్నకు ఒకే సమాధానం లేదు. ఈ ఫొటోలు ఆల్బముల్లో అతికించుకున్న ప్రింట్లుగా తిరిగాయి, నేడు లండన్‌లో రాయల్ జియోగ్రాఫికల్ సొసైటీ వంటి చోట్ల ఉన్నాయి. అప్పటి వార్తాపత్రికలు ఫొటోను నేరుగా అచ్చు వేయలేవు. చెక్కపని వాడు ఫొటో చూసి దిమ్మ మీద చెక్కితే, దాన్ని అచ్చు వేసేవారు. 1877 అక్టోబరులో ‘గ్రాఫిక్’, ‘ఇలస్ట్రేటెడ్ లండన్ న్యూస్’ పత్రికల్లో బళ్లారి జిల్లా, బెంగళూరు కరువు దృశ్యాలు అలా బొమ్మలుగానే వచ్చాయి. అప్పటి బళ్లారి జిల్లా అంటే నేటి అనంతపురం కూడా అందులోనే, 1882లో గానీ విడిపోలేదు. చెక్కేటప్పుడు ఒక ముఖం మృదువవుతుంది, ఒక పశువు పక్కకు జరుగుతుంది, నేపథ్యంలో చెట్టు మొలుస్తుంది. కాబట్టి పత్రికలో వచ్చిన బొమ్మను ఫొటోతో సమానమైన సాక్ష్యంగా తీసుకోకూడదు. మధ్యలో ఇంకో చెయ్యి ఉంది.

ఆ నెలల్లోనే లండన్ మేయర్ నివాసమైన మాన్షన్ హౌస్‌లో కరువు నిధి వసూళ్లు సాగాయి. ‘మద్రాస్ టైమ్స్’ సంపాదకుడు విలియం డిగ్బీ ఆ పనిలో ముందున్నాడు, తర్వాత ఈ కరువు మీద రెండు సంపుటాలు రాశాడు. నిధికి ఇలాంటి బొమ్మలు పనికొచ్చాయి. అదే బొమ్మ ప్రభుత్వానికి ఇబ్బంది, దాతకు ప్రేరణ, ఆల్బం యజమానికి ‘నేను అక్కడ ఉన్నాను’ అనే గుర్తు. తీసినవాడి ఉద్దేశం ఒకటే అయినా, ఫొటో పనిచేసిన తీరు ఒకటి కాదు.

హూపర్ ఫొటోలు వదిలేసినవాటి జాడ దొరికే చోట కూడా తొందరపడితే బోల్తాపడతాం. ఇంటర్నెట్‌లో తరచూ కనిపించే ఇంకో బొమ్మ తీసుకుందాం. 1877 ఫిబ్రవరి, మద్రాసు సముద్రతీరం, గుట్టలుగా ధాన్యం బస్తాలు. కింద ‘ఎగుమతికి సిద్ధంగా ఉన్న ధాన్యం’ అని ఉంటుంది. హూపర్ ఫొటో పక్కన దీన్ని పెడితే కథ పూర్తయిపోయినట్టు అనిపిస్తుంది: ఇటు చచ్చేవాళ్లు, అటు ఓడలెక్కే ధాన్యం. దేశం నుంచి గోధుమ ఎగుమతి ఆ కాలంలో ఆగలేదన్నది నిజం. కానీ అదే శీతాకాలంలో మద్రాసు రేవుకు బెంగాల్ నుంచి, బర్మా నుంచి ధాన్యం దిగుమతి అవుతోంది. ఆ దిగిన ధాన్యాన్ని లోపలి జిల్లాలకు మోయడానికి రైళ్లు చాలక బస్తాలు తీరంలో పేరుకున్నాయి. బస్తా మొహం చూసి అది ఓడ దిగిందా, ఎక్కబోతోందా అని ఎవరూ చెప్పలేరు. తేల్చాల్సింది రేవు లెక్కలు, రైల్వే లెక్కలే.

ఇలా సరిచేస్తే ప్రభుత్వం మీద నేరం తగ్గిపోతుందని కొందరికి టెన్షన్. తగ్గదు. ధాన్యం కళ్లెదుటే ఉండి కూడా చేతిలో డబ్బు లేక కొనలేని జనం, ధరల జోలికి సర్కారు పోకూడదన్న పట్టుదల, తెగిన కూలి, ఇవి ఎగుమతి కథకన్నా బరువైన నేరాలు. 1876 చివర్లో మద్రాసు ప్రభుత్వం గుట్టుగా 30,000 టన్నుల ధాన్యం కొని పెట్టుకుంటే కలకత్తాలోని వైస్రాయ్ ప్రభుత్వం నుంచి వచ్చింది అభ్యంతరమే. ఇది కాగితాల్లో ఉంది, ఏ ఫొటోలోనూ లేదు.

ఫొటోలు అసలే పట్టుకోలేనిది ఇంకొకటి. 1871, 1881 జనాభా లెక్కల మధ్య కర్నూలు జిల్లా జనాభా సుమారు నాలుగో వంతు తగ్గింది. చచ్చిపోయినవాళ్లు, వలసపోయినవాళ్లు, పుట్టకుండా పోయినవాళ్లు అందులో కలిసి ఉన్నారు. కెమెరా బండి శిబిరాల దగ్గరికి, దండు ఉండే ఊళ్ల దగ్గరికి వెళ్లింది. నల్లమల అంచు పల్లెలో ఇంటికి గొళ్లెం పెట్టి వెళ్లినవాడి వైపు పోలేదు. బకింగ్‌హామ్ కాలువ మనకు తెలుసు, కోస్తా వెంట పోయే కాలువ. మద్రాసు దగ్గర అడయారు, కూవం నదులను కలిపే ముక్క 1877-78 కరువు పనుల్లోనే తవ్వారు, అప్పటి గవర్నరు పేరే దానికి పెట్టారు. దాన్ని తవ్వినవాళ్లు ‘ఉచిత సహాయానికి అర్హులు’ కారు కాబట్టి గ్రూప్ ఫొటోలకు ఎక్కలేదు.

ఫొటో తీసింది తెల్లదొర కాబట్టే ఇన్ని లోపాలు, మనవాడు తీసి ఉంటే నిజం పడేది అనుకుంటే అదీ కుదరదు. నిజాం ఆస్థాన ఫొటోగ్రాఫర్ రాజా దీనదయాళ్ 19వ శతాబ్దం చివరి కరువు రోజుల్లో ఔరంగాబాద్ ప్రాంతంలో సహాయ పనులను ఫొటోలు తీశాడు. అక్కడ గొప్ప పనితనం ఉంది. కానీ అవి నిజాం సర్కారు జనాన్ని ఎలా ఆదుకుంటోందో చూపడానికి తీసినవి. బారులు తీరిన జనం, సక్రమంగా నడుస్తున్న పంపిణీ. హూపర్ ఫొటోలో వ్యవస్థ కనపడకుండా శరీరం కనిపిస్తే, ఇక్కడ వ్యవస్థ ముందుకొచ్చి శరీరం వెనక్కి పోయింది. రెండింటినీ పక్కపక్కన పెట్టినప్పుడు, ఒకదాని లోటు రెండోదానిలో తెలుస్తుంది.

అందుకే ఈ ఫొటోను పుస్తకంలో గానీ ఫోన్‌లో గానీ వాడేవాళ్లు దాని కింద రాయాల్సింది ఇలా ఉంటే బాగుంటుంది: ‘మద్రాసు ప్రెసిడెన్సీ కరువు, 1876-78. తీసింది విలోబీ వాలెస్ హూపర్, మద్రాసు సైన్యం. తడి కొలోడియన్ పలక, అమర్చిన గ్రూపు. సహాయం కోసం ఎంపికైనవారు. పేర్లు, ఊళ్లు నమోదు చేయలేదు. పాత శీర్షిక తీసినవాళ్లు పెట్టినది.’ ఇంత రాస్తే వాట్సాప్ ఫార్వర్డ్‌లో సగం చోటు ఇదే తినేస్తుంది, ఫొటో పంచుకునేవాళ్లు తగ్గుతారు కూడా. కానీ బెంగాల్ పేరుతో తిరుగుతున్న కాపీ పక్కన దీన్ని పెడితే, చర్చిల్‌కు చెందని కరువును చర్చిల్ ఖాతాలో వేసి, లిట్టన్‌నూ టెంపుల్‌నూ వదిలేస్తున్నామని చదివేవాడికి వెంటనే తెలుస్తుంది.